ఏలినాటి శనిలో నిశ్చితార్థం, పెళ్లి: హైదరాబాద్ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారు మలక్‌పేటలో చాలా ఏళ్లు పౌరోహిత్యం చేశారు. నేను ఆ వృత్తిలోకి వెళ్లలేదు, ఆడిటర్ దగ్గర లెక్కలు చూసే ఉద్యోగంలో స్థిరపడ్డాను. కానీ పంచాంగం చూడటం మాత్రం ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పటికీ బంధువులు, వాళ్ల వియ్యంకులు, ఆ వియ్యంకుల పొరుగువాళ్లు సాయంత్రం ఫోను చేసి అడిగేవాటిలో ఎక్కువ ఈ ఒక్క విషయమే: "అమ్మాయికి ఏలినాటి శని నడుస్తోందట, పెళ్లి ఆపాలా?" ప్రతిసారీ మొదటినుంచి చెప్పడం కన్నా ఒకచోట రాసి పెడితే మంచిదనిపించింది.

ఏలినాటి శని అంటే సరిగ్గా ఏమిటి? సాడేసాతి అన్నా అదేనా?

అదే. హిందీ, మరాఠీ వాళ్లు సాడేసాతి అంటారు, తమిళులు ఏళరై శని అంటారు. రెండింటికీ అర్థం ఏడున్నర. హైదరాబాద్‌లో పక్కింటివాళ్లు ఒక భాషలో, పురోహితుడు ఇంకో భాషలో చెప్పడం వల్ల ఇవి రెండు వేర్వేరు దోషాలనుకుని కంగారు పడినవాళ్లను చూశాను.

మీరు పుట్టినప్పుడు చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో అది మీ జన్మరాశి. శని ఆకాశంలో తిరుగుతూ ఆ రాశికి వెనుక ఉన్న రాశిలోకి, అంటే జన్మరాశి నుంచి లెక్కిస్తే పన్నెండో ఇంటికి రాగానే ఏలినాటి శని మొదలవుతుంది. తరువాత జన్మరాశిలో, ఆ తరువాత రెండో ఇంట్లో ఉంటాడు. ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్ల చొప్పున మొత్తం ఏడున్నరేళ్లు. శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి 29 ఏళ్ల మీద కొన్ని నెలలు పడుతుంది కాబట్టి ఒకసారి వదిలితే మళ్లీ 22 ఏళ్ల దాకా రాడు.

ఇది గోచారం, అంటే ఇప్పటి గ్రహస్థితి. కుజదోషం అలాంటిది కాదు, అది పుట్టినప్పటి జాతకంలో ఉంటుంది, జీవితాంతం ఉంటుంది. పెళ్లి సంబంధాల్లో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఒకటి మనిషికి పుట్టుమచ్చ లాంటిదైతే రెండోది ఊరికి వచ్చే వానాకాలం లాంటిది.

ఇప్పుడు ఎవరికి నడుస్తోంది?

ఆకాశంలో కనిపించే గ్రహస్థితిని బట్టి లెక్కించే దృక్ గణితం ప్రకారం శని 2025 మార్చి 29న మీనంలోకి వచ్చాడు. కాబట్టి మీనరాశివారికి నడిమి భాగం, కుంభరాశివారికి చివరి భాగం, మేషరాశివారికి మొదటి భాగం నడుస్తోంది. దీనితోపాటు ధనూరాశికి నాలుగో ఇంట అర్ధాష్టమ శని, సింహరాశికి ఎనిమిదో ఇంట అష్టమ శని. ఈ రెండూ ఏలినాటి శని కావు, కానీ పెళ్లిచూపుల దగ్గర అందరి నోటా "శని ఉంది" అన్న ఒకే మాటగా వస్తాయి. ముందు ఏ శని అన్నది అడిగి తెలుసుకోండి.

2027లో శని మారితే కుంభరాశికి పూర్తిగా వదిలినట్టేనా?

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. శని ఏటా నాలుగు నెలలకు పైగా వక్రిస్తాడు, అంటే భూమి మీద నుంచి చూసేవారికి వెనక్కి నడిచినట్టు కనిపిస్తాడు. రాశి సరిహద్దు దగ్గర వక్రిస్తే దాటిన రాశిలోకే మళ్లీ వస్తాడు.

2027 జూన్ 3న శని మేషంలోకి వెళ్తాడు. కుంభరాశివారు ఊపిరి పీల్చుకుంటారు, వృషభరాశివారికి మొదలవుతుంది. కానీ అక్టోబరు 20న తిరిగి మీనంలోకి వస్తాడు, 2028 ఫిబ్రవరి 23 దాకా అక్కడే ఉంటాడు. "శని పోయాక చేద్దాం" అని కుంభరాశి అమ్మాయి పెళ్లిని 2027 నవంబరుకు, అంటే కార్తీకానికి పెట్టుకున్నవాళ్లు లెక్క ప్రకారం శని ఉన్న నెలల్లోనే చేస్తున్నట్టు. అందుకే ఎవరైనా ముగింపు తేదీ చెబితే, అది మొదటిసారి దాటే తేదీయా, చివరిసారి దాటే తేదీయా అని అడగాలి.

ఇద్దరు పంతుళ్లు రెండు తేదీలు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరూ తమ పంచాంగం చూసే చెబుతుండవచ్చు. కొన్ని పంచాంగాలు దృక్ గణితంతో, కొన్ని పాత సిద్ధాంత గణితంతో తయారవుతాయి. నెమ్మదిగా నడిచే శని విషయంలో ఈ రెంటికీ మధ్య తేడా నెలల్లో ఉంటుంది. తమిళనాట పేరుమోసిన తిరునల్లారు శనీశ్వరాలయం పాత పద్ధతిలో లెక్కించే వాక్య పంచాంగాన్ని అనుసరిస్తుంది, అందుకే 2025లో మన ఇళ్లలో శని మారాడని హడావిడి జరుగుతుంటే అక్కడ ఆ ఏడాది మార్పు ఉత్సవం జరపలేదు. మీ ముహూర్తం ఏ పంచాంగంతో పెడుతున్నారో శనిని కూడా ఆ పంచాంగంతోనే చూడండి. ముహూర్తం ఒకదాని నుంచి, భయం ఇంకోదాని నుంచి తెచ్చుకోవద్దు.

ఏలినాటి శని ఉన్నప్పుడు పెళ్లి చేయకూడదని శాస్త్రం చెబుతుందా?

చెప్పదు. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

పెళ్లి ముహూర్తం పెట్టేటప్పుడు పురోహితుడు వడపోసేవి చాలా ఉంటాయి. గురు, శుక్ర మౌఢ్యాలు అంటే మూఢం లేకుండా చూస్తారు. అధికమాసం, శూన్యమాసాలు వదిలేస్తారు. తిథి, వారం, నక్షత్రం చూస్తారు. వధూవరులకు తారాబలం, చంద్రబలం సరిచూస్తారు. అమ్మాయికి గురుబలం కావాలంటారు, అంటే ఆమె జన్మరాశి నుంచి గురుడు 2, 5, 7, 9, 11 స్థానాల్లో ఒకదానిలో ఉండాలి. ఆ తరువాత లగ్నం పెట్టి, ఏడో ఇల్లు, ఎనిమిదో ఇల్లు శుద్ధిగా ఉన్నాయా అని చూస్తారు. ముహూర్త గ్రంథాలు వివాహానికి వర్జించమని చెప్పిన 21 మహాదోషాల పట్టిక ఒకటి ఉంది. అందులో అష్టమంలో కుజుడు ఉంది, ఆరింట శుక్రుడు ఉంది, దుర్ముహూర్తం ఉంది, గ్రహణం పట్టిన నక్షత్రం కూడా ఉంది. వధువుకో వరుడికో ఏలినాటి శని నడవడం మాత్రం లేదు.

జాతకాల పొంతనలోనూ లేదు. వర్ణం నుంచి నాడి దాకా ఎనిమిది కూటాలకు కలిపి 36 గుణాలు. అవన్నీ పుట్టిన నక్షత్రాల మధ్య లెక్క. ఇప్పుడు శని ఎక్కడున్నాడన్న దానితో వాటికి పని లేదు.

అలా ఎందుకన్నది ఆలోచిస్తే అర్థమవుతుంది. మూఢం వారాల్లోనో రెండు మూడు నెలల్లోనో పోతుంది, అధికమాసం ఒక్క నెల. వాటిని దాటవేయమనడం సాధ్యమే. ఏడున్నరేళ్లు దాటవేయమనే నియమం పెడితే పెళ్లీడు దాటిపోతుంది. ముహూర్తాలు పెట్టినవాళ్లకు ఆ మాత్రం లోకజ్ఞానం ఉంది.

మరి నిజంగా పెళ్లిళ్లు వాయిదా వేస్తున్నారా లేదా?

వేస్తున్నారు, కానీ బయట వినిపించినంతగా కాదు, ఏడున్నరేళ్లకు అసలే కాదు. నేను చూసినంతలో వాయిదా మూడు నెలల నుంచి ఒక సంవత్సరం దాకా ఉంటుంది. జన్మశని, అంటే శని జన్మరాశిలో ఉండే నడిమి భాగం దాటి చివరి భాగంలోకి రానివ్వండి అనేవాళ్లు కొందరు, గురుడు మారాక చేద్దాం అనేవాళ్లు ఇంకొందరు. రెండోవాళ్ల మాటకు ముహూర్త నియమాల్లో ఆధారం ఉంది.

ఒక చిన్న లెక్క చూడండి. ఎప్పుడైనా సరే పన్నెండింటిలో మూడు రాశులకు ఏలినాటి శని ఉంటుంది. జంటలో ఎవరో ఒకరికైనా ఉండే అవకాశం 16 జంటల్లో 7 జంటలకు. అర్ధాష్టమం, అష్టమం కూడా కలుపుకుంటే అయిదు రాశులు అవుతాయి. అప్పుడు ప్రతి మూడు జంటల్లో సుమారు రెండు జంటలకు ఎవరో ఒకరికి శని ఉన్నట్టే. నిజంగా అందరూ శని కోసం ఆగితే నగరంలో ఫంక్షన్ హాళ్లు మూడొంతుల్లో రెండొంతులు మూసుకోవాలి. మూఢం వచ్చినప్పుడు అవి నిజంగానే ఖాళీ అవుతాయి. 2025 నవంబరు చివరి నుంచి 2026 ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మూఢం నడిచినప్పుడు బ్యాండు మేళాలవాళ్లకు, పూల మండపాలవాళ్లకు పని ఎంత పడిపోయిందో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లను అడగండి. శని రాశి మారినందుకు వాళ్లెవరూ దుకాణం కట్టేయలేదు.

ఒక ఉదాహరణతో చెప్పగలరా?

ఈ మధ్య మా దూరపు బంధువుల ఇంట్లో జరిగినదే చెబుతాను. పేర్లు వద్దు.

అమ్మాయి మీనరాశి, రేవతి నక్షత్రం, 1999లో పుట్టింది. అబ్బాయి ధనూరాశి, పూర్వాషాఢ. నాడి వేరు, గణాలు దేవ మనుష్య గణాలు, రెండు రాశులకూ అధిపతి గురుడే. పొంతన బాగుంది. శుక్ర మూఢం పోగానే 2026 ఫాల్గుణంలో నిశ్చితార్థం చేశారు. ఆడపిల్లవాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు, వైశాఖంలో, అంటే ఏప్రిల్ చివర పెళ్లి పెట్టుకుందామన్నారు. మగపెళ్లివారు కూకట్‌పల్లి నుంచి ఫోను చేసి, "అమ్మాయికి జన్మశని ఉందట, అది పోయేదాకా ఆగుదాం" అన్నారు. ఇవతల ఇంట్లో ఏడుపులు.

నేను కాగితం తీసి తేదీలు రాసి ఇచ్చాను. జన్మశని పోవాలంటే 2028 ఫిబ్రవరి 23. మొత్తం ఏలినాటి శని పోవాలంటే శని మేషాన్ని దాటాలి: మొదటిసారి 2029 ఆగస్టు 8న దాటి, అక్టోబరు 5న వెనక్కి వచ్చి, చివరిగా 2030 ఏప్రిల్ 17న వదులుతాడు. అప్పటికి అమ్మాయికి 30 దాటతాయి. "వీటిలో మీరు కోరుతున్నది ఏ తేదీ?" అని అబ్బాయి తండ్రిగారిని మర్యాదగా అడగమన్నాను.

ఆయన ఏ తేదీ చెప్పలేదు. రెండు రోజుల తరువాత అబ్బాయి మేనమామ వచ్చి అసలు సంగతి చెప్పారు. మియాపూర్‌లో కొన్న ఫ్లాటు ఇంకా చేతికి రాలేదు, కోడలిని ఇరుకు అద్దె ఇంట్లోకి తీసుకురావడం అబ్బాయి తండ్రిగారికి నామోషీ. తాళాలు జూన్‌లో ఇస్తామన్నారట. శని పేరు చెబితే ఎదుటివాళ్లు కారణం అడగరు కదా అనుకున్నారు.

అదే సమయంలో పురోహితుడు వేరే మాట చెప్పారు. ఏప్రిల్‌లో గురుడు మిథునంలో ఉన్నాడు, మీనరాశి అమ్మాయికి అది నాలుగో స్థానం, గురుబలం లేదు. జూన్ 2న గురుడు కర్కాటకంలోకి వస్తే అయిదో స్థానం, గురుబలం దొరుకుతుంది. అయితే ఆ ఏడాది అధిక జ్యేష్ఠమాసం మే 17 నుంచి జూన్ 15 దాకా ఉంది. జూలై మధ్యలో ఒకవైపు గురు మూఢం, మరోవైపు ఆషాఢం. నడుమ మిగిలింది నిజ జ్యేష్ఠంలోని నాలుగు వారాలు. ఇద్దరూ ఇంటికి పెద్ద సంతానమైతే జ్యేష్ఠమాసంలో చేయరు, కానీ అబ్బాయి రెండోవాడు కావడంతో ఆ చిక్కు లేదు. "అబ్బాయికి గురుడు ఎనిమిదింట పడతాడు కదా" అని ఒకరు అందుకున్నారు. గురుబలం ముఖ్యంగా వధువుకే చూస్తారని పురోహితుడు చెప్పి ఊరుకోబెట్టారు. చివరకు జూలై మొదటి వారానికి ముహూర్తం పెట్టారు. పెళ్లి రెండు నెలలకు పైగా వాయిదా పడింది నిజమే, కానీ శని వల్ల కాదు. జన్మశని అప్పుడూ ఉంది.

వాయిదా కోరుతున్నవాళ్ల మాట నిజంగా శని గురించేనా అని ఎలా తెలుస్తుంది?

పై ఉదాహరణలో అడిగిన ప్రశ్నే అడగండి: ఏ తేదీ తరువాత మీకు సమ్మతం? శనికి కచ్చితమైన తేదీలు ఉన్నాయి కాబట్టి నిజంగా నమ్మినవాళ్లు తేదీ చెబుతారు, ఫలానా సిద్ధాంతిగారు చెప్పారని కూడా చెబుతారు. తేదీ చెప్పకుండా "చూద్దాం, కొంచెం ఆగుదాం" అంటుంటే కారణం వేరే ఉంది. వీసా రాకపోవడం, ఉద్యోగం ఊగిసలాట, ఇంట్లో పెద్దవాడి పెళ్లి కాకపోవడం, డబ్బు సర్దుబాటు, కొన్నిసార్లు అబ్బాయికో అమ్మాయికో మనసు లేకపోవడం. చివరిదైతే ముందుగా తెలియడమే మేలు. శని మీద నెపం పెట్టినవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. నేరుగా చెప్పలేని మాటను మర్యాదగా చెప్పడానికి పెద్దలు ఎప్పటినుంచో వాడుతున్న దారి అది.

నిశ్చితార్థం అయిపోయాక శని మొదలవుతోంది. ఇప్పుడేం చేయాలి?

ఏమీ చేయనవసరం లేదు. తాంబూలాలు మార్చుకున్నాక ఆ కారణంతో ఆపిన పెళ్లిని నాన్నగారు ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. మూఢానికో, మైలకో ముహూర్తం తేదీ మార్చేవారు, అంతే. వృషభరాశివారు 2027 జూన్ 3 గురించి ఇప్పటినుంచే అడుగుతున్నారు. ఆ రోజుకు ముందు తొందరపడి చేసుకున్నా, ఏలినాటి శని పెళ్లయిన తరువాత వచ్చి ఏడున్నరేళ్లూ ఉంటుంది కదా. ముందు చేస్తే తప్పించుకున్నట్టు, తరువాత చేస్తే చిక్కుకున్నట్టు అనడంలో తర్కం నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఇద్దరిదీ ఒకే రాశి. ఇద్దరికీ ఒకేసారి శని వస్తే తట్టుకోలేరంటున్నారు, నిజమా?

శాస్త్రం ఒకే రాశివాళ్ల పెళ్లిని కాదనదు, నక్షత్రమో పాదమో వేరైతే చాలంటుంది. ఇద్దరికీ ఒకేసారి ఏలినాటి శని రావడం మాత్రం తప్పదు, అది లెక్క. పక్కపక్క రాశులైనా అయిదేళ్లు కలిసి నడుస్తుంది. ఒకరు కుంగినప్పుడు ఇంకొకరు నిలబడాలి, ఇద్దరూ ఒకేసారి కుంగితే ఎలా అన్నది పెద్దల భయం. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. కానీ బాగా దూరంగా ఉన్న రాశులైతే ఇంట్లో ఏలినాటి శని పదిహేనేళ్లు ఉన్నట్టవుతుందని మా పెద్దమ్మ అనేది. ఒకేసారి వచ్చి ఒకేసారి పోతే నయం కదా అని ఆవిడ వాదన. ఏ వైపు నుంచి చూసినా ఒక సామెత దొరుకుతుంది, కాబట్టి దీని మీద సంబంధం వదులుకోకండి.

పెళ్లయిన కొత్తలో ఏలినాటి శని నడిస్తే ఏమవుతుందంటారు?

జ్యోతిషం చెప్పేది చెబుతాను. పన్నెండో ఇల్లు వ్యయస్థానం, అందువల్ల మొదటి భాగంలో ఖర్చులు, నిద్రలేమి, ఊరు మారడం చెబుతారు. జన్మరాశిలో ఉన్నప్పుడు ఒంటికి, మనసుకు బడలిక. రెండో ఇల్లు ధనానికి, వాక్కుకు, కుటుంబానికి స్థానం. కొత్తగా ఒక ఇంట్లో అడుగుపెట్టినవాళ్లకు చివరి భాగమే ఎక్కువ వర్తిస్తుందని నాన్నగారు అనేవారు, అప్పుడు మాట పొదుపుగా వాడమనేవారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పెళ్లి ఖర్చు, ఇల్లు మారడం, కొత్త చోట నిద్రపట్టకపోవడం, అత్తింట మాట పట్టింపులు శని లేని కొత్త జంటకు కూడా ఉన్నవే. అందుకే ఏలినాటి శనిలో పెళ్లి చేసుకున్నవాళ్లకు ఫలితం చెప్పడం జోస్యులకు సులువు.

మన పెద్దల లెక్కలో ఇంకోటి ఉంది. మొదటిసారి వచ్చేది మంగు శని, రెండోసారి పొంగు శని, మూడోసారి మృత్యు శని. రెండోది కలిసివస్తుందని, ఇల్లు, పెళ్లి, సంతానం అప్పుడే సమకూరుతాయని అంటారు. పైన చెప్పిన రేవతి నక్షత్రం అమ్మాయి పుట్టినప్పుడు శని మేషంలో, అంటే ఆమె రాశికి రెండింట ఉన్నాడు. కాబట్టి ఆమె మొదటి విడత చివరలో పుట్టింది, ఇప్పుడు నడుస్తున్నది రెండోది. భయపెట్టడానికి అదే సంప్రదాయాన్ని వాడేవాళ్లు ఈ సగం చెప్పడం మరచిపోతారు. ఇదంతా నమ్మకానికి సంబంధించినది. శని రాశి మారినందుకు దాంపత్యాలు చెడతాయనడానికి ఖగోళశాస్త్రంలో ఆధారం లేదు, ఉందని నేను ఎవరికీ చెప్పను.

మా అమ్మాయి కాపురానికి వెళ్లిన నెలకే మామగారికి గుండెపోటు వచ్చింది. "నీ శని మా ఇంటికి తెచ్చావు" అంటున్నారు.

ఈ ప్రశ్న ఒకసారి కాదు, వేర్వేరు ఇళ్ల నుంచి విన్నాను. ప్రతిసారీ మాట పడింది కోడలే. అల్లుడికి ఏలినాటి శని ఉండి అమ్మాయి తండ్రికి జబ్బు చేస్తే అల్లుణ్ణి అన్నవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

నమ్మేవాళ్లతో నమ్మకం భాషలోనే మాట్లాడాలి. గోచారం ఎవరి జన్మరాశికి వారిది. కోడలి రాశి నుంచి లెక్కించి మామగారి ఆరోగ్యం చెప్పే పద్ధతి లేదు, ఆయన ఫలితానికి ఆయన జాతకం, ఆయన దశ చూడాలి. ఈ మాటను మీరు చెబితే వినకపోవచ్చు, వాళ్లింటి పురోహితుడితోనే చెప్పించండి. చాలామంది పురోహితులు నిస్సంకోచంగా చెబుతారు. అయినా ఆగకుండా అమ్మాయిని పుట్టింటికి పంపేయడం, తిండి దగ్గర, నిద్ర దగ్గర వేధించడం దాకా వెళితే అది జ్యోతిషం పరిధి దాటిన విషయం. శాంతులు చేయిస్తూ కూర్చోకుండా మహిళా పోలీస్ స్టేషన్‌లోని కౌన్సెలింగ్ దాకా వెళ్లడానికి వెనుకాడవద్దు.

రాశి సరిగ్గా తెలుసుకోవడంలో ఏం పొరపాట్లు జరుగుతాయి?

అన్నిటికన్నా పెద్దది పదో తరగతి సర్టిఫికెట్. బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపోలేదని తేదీ మార్చి రాయించిన ఇళ్లు మన దగ్గర ఎన్నో. చంద్రుడు రెండుంపావు రోజులకు ఒక రాశి మారతాడు. నెలల తేడా ఉన్న తేదీతో జాతకం వేస్తే రాశి ఎక్కడికో పోతుంది. ఆసుపత్రి కాగితమో, అమ్మమ్మ జ్ఞాపకమో తెచ్చుకోండి. రెండోది, ఇంగ్లిషు పత్రికల్లో పుట్టిన నెలను బట్టి చెప్పే రాశి. అది సూర్యుడిది, దానికీ ఏలినాటి శనికీ సంబంధం లేదు. "నాది ఏరీస్, కాబట్టి శని ఉంది" అని బెంగపడిన ఒక అబ్బాయి అసలు రాశి తుల. అతనికి ఏ శనీ లేదు.

శాంతి చేయించాలా? నీలం పెట్టుకోవాలా?

మనసుకు ఊరట కావాలంటే చేయించండి. శనివారం నాడు త్రయోదశి కలిసిన శనిత్రయోదశికి నవగ్రహాల దగ్గర తైలాభిషేకం, నువ్వుల దానం మన వాడుక. కోనసీమలోని మందపల్లి మందేశ్వరస్వామి ఆలయం దీనికే ప్రసిద్ధి. అంతదూరం పోలేనివాళ్లు శనివారం కర్మన్‌ఘాట్, తాడ్‌బండ్ ఆంజనేయస్వామి గుళ్లకు వెళ్తారు, ఆంజనేయుణ్ణి కొలిచినవారి జోలికి శని రాడని నమ్మకం. దీనికి నూనె, నువ్వులు, దక్షిణ తప్ప పెద్ద ఖర్చు ఉండదు.

వేలకు వేలు అడిగితే లేచి వచ్చేయండి. పెళ్లి తేదీ దగ్గరపడిన ఇంటివాళ్లు బేరమాడలేరని తెలిసినవాళ్లు "వివాహ శని దోష నివారణ" అని పేరు పెట్టి, ఇరవై ఒక్క రోజుల హోమమని, ఇద్దరికీ విడివిడిగా అని లెక్క పెంచుతారు. ఆ హోమం చేయించకపోతే ఫలానా కీడు జరుగుతుందని చెప్పడం వాళ్ల గుర్తు. మా నాన్నగారు దక్షిణ తీసుకున్నారు గాని, ఎవరికీ కీడు చెప్పి తీసుకోలేదు. నీలం విషయానికొస్తే, జాతకంలో శని మీకు ఏ స్థానాలకు అధిపతో చూడకుండా పెట్టుకోవద్దని జ్యోతిషులే అంటారు. నిశ్చితార్థం ఉంగరంలో నీలం పొదిగించమని సలహా ఇచ్చిన ఒక నగల దుకాణం మనిషిని నా కళ్లతో చూశాను. అతనికి శని గురించి తెలిసినదల్లా రాయి ధర.

లగ్నపత్రికలో శని సంగతి రాస్తారా?

రాయరు. అందులో వధూవరుల పేర్లు, నక్షత్రాలు, తిథి, వారం, లగ్నం, ముహూర్త సమయం ఉంటాయి. శనికి గడి లేదు.